కోటు మారినా మొఖం మారద్దు

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఏ ఇంటికి వెళ్లినా గోడ మీద దండ వేసిన ఫోటో ఒకటి కనిపిస్తుంది. బతికినన్నాళ్లూ ధోతి, తలపాగ తప్ప మరొకటి కట్టని తాత అందులో నల్ల కోటు, ఎర్ర టై వేసుకుని ఉంటాడు. తాత ముఖాన్ని ఏ రేషన్ కార్డు ఫోటో నుంచో, పెండ్లి గుంపులో నిలబడ్డ చిన్న బొమ్మ నుంచో కత్తిరించి, స్టూడియో కంప్యూటర్లో సిద్ధంగా ఉన్న కోటు భుజాల మీద కూర్చోబెడతారు. మెడ దగ్గర అతుకు తెలుస్తుంది. గదువ కింద నీడ ఒక దిక్కు, కోటు కాలరు నీడ మరో దిక్కు పడి ఉంటాయి. అయినా ఇంటివాళ్లు ఆ ఫోటోను చూసి ఇది మా తాత కాదని ఎన్నడూ అనరు. కోటు పరాయిదే. ముఖం మాత్రం అచ్చంగా ఆయనదే.

ఈ స్టూడియో విద్య పక్కన ఇప్పుడు మరో విద్య వచ్చి నిలబడింది. ఫోటో ఇచ్చి, కావలసిన మార్పును మాటల్లో చెబితే బొమ్మను మార్చి ఇచ్చే కృత్రిమ మేధ అది. 2025 మార్చిలో చాట్‌జీపీటీలోకి, ఆగస్టు చివర గూగుల్ జెమినిలోకి ఈ తరహా కొత్త మోడళ్లు వచ్చాయి. రెండోదాన్ని జనం ‘నానో బనానా’ అని పిలిచారు. సెప్టెంబరు నాటికి దేశమంతా ఆడపిల్లలు తమ ఫోటోలకు పాతకాలపు షిఫాన్ చీరలు కట్టించుకుని చూసుకున్నారు. స్టూడియో కోటుతో పోలిస్తే ఆ చీరలు ఎంతో అందంగా ఒంటికి అతికాయి. కుచ్చిళ్లు పడాల్సిన చోట పడ్డాయి, వెలుగు ఒకే దిక్కు నుంచి వచ్చింది, మెడ దగ్గర అతుకే లేదు. అయితే చాలామంది ఆ ఫోటోను రెండోసారి చూసినప్పుడు, ఇందులో ఉన్నది నేనేనా అన్న సందేహంతో ఆగిపోయారు.

నాకు రెండు విద్యలూ ఇష్టమే. స్టూడియో మిత్రుల పక్కన స్టూలు వేసుకుని కూర్చుని వాళ్ల పని చూస్తూ ఎన్నో సాయంత్రాలు గడిపాను. మాట చెప్పగానే పట్టుచీర మడత పడటం చూసి ముచ్చటపడ్డాను కూడా. ఏది గొప్పదన్న తగవు నాకు అక్కర్లేదు. ఒకే పనిని, అంటే ముఖాన్నీ వెనక దృశ్యాన్నీ కదపకుండా బట్టను విడతలు విడతలుగా సరిదిద్దడాన్ని, ఈ రెండూ ఎట్లా అర్థం చేసుకుంటాయన్నదే నాకు ఆసక్తి.

స్టూడియో విద్య ప్రాణమంతా లేయరులో ఉంది. ఫోటోషాప్‌లోకి లేయర్లు 1994లో, మూడో వెర్షన్‌తో వచ్చాయి. అసలు ఫోటో అడుగున ఉంటుంది. దాని మీద పారదర్శకమైన మరో పొర వేసి, మార్పు ఆ పొర మీదే చేస్తారు. చీర ఎంతమేర ఉందో చెప్పే మాస్కును పెన్ టూల్‌తో గీస్తారు. మాస్కు తెల్లగా ఉన్నచోటే మార్పు కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట అడుగునున్న అసలు ఫోటో ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. చీర రంగు నలభైసార్లు మార్చినా ముఖం మీద ఒక్క చుక్క కదలదు. ముఖాన్ని కాపాడాలని ఎవరూ పూనుకోవాల్సిన పని లేదు, దాన్ని ముట్టుకోకపోతే చాలు. కరీంనగర్‌లో ఒక స్టూడియో మిత్రుడు కొత్తగా పనిలో చేరిన పిల్లగానికి చెబుతుంటే విన్నాను: “కింది లేయర్ మీద తాళం బుడ్డి ఉంటది సూడు, అది ఒత్తినంకనే మౌస్ వట్టాలె. మొఖం జోలికి పోవద్దు తమ్మీ.”

మోడల్ విద్యలో అట్లా తాళం వేసిన పొర ఉండదు. మన మాట విన్నాక అది చీర ఉన్న భాగాన్ని మాత్రమే తీసి మార్చదు. ఫోటో మొత్తాన్ని చూసి, మొత్తం బొమ్మను మళ్లీ కొత్తగా గీస్తుంది. ముఖం పాతదానిలాగే ఉందంటే, దాన్ని వదిలేసిందని కాదు, పాతదానిలాగే మళ్లీ గీయగలిగిందని. గోడ, చెట్టు, ఆకాశం కూడా అంతే. స్టూడియోలో మార్చడానికి శ్రమపడాలి. మోడల్‌తో మార్చకుండా ఉంచడానికి శ్రమపడాలి. నా దృష్టిలో ఈ రెండింటి మధ్య తేడా అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

మళ్లీ గీసేటప్పుడు పోయేదేమిటో తెలియాలంటే లోపలికి కొంచెం తొంగి చూడాలి. స్టేబుల్ డిఫ్యూజన్, ఫ్లక్స్ కుటుంబాల మోడళ్లు ఫోటోను నేరుగా ముట్టుకోవు. ముందు దాన్ని నిడివిలో ఎనిమిదో వంతుకు, వెడల్పులో ఎనిమిదో వంతుకు కుదించిన సంకేత రూపంలోకి తెచ్చుకుంటాయి. పని అక్కడ చేసి, తిరిగి ఫోటోగా విప్పుతాయి. నిలువెత్తు ఫోటో ఒకటి వెయ్యి పిక్సెళ్ల ఎత్తు ఉందనుకోండి. అందులో మనిషి ఎనిమిది వందల పిక్సెళ్లు నిలబడితే తల నూటపది పిక్సెళ్లకు మించదు. ఎనిమిదో వంతు చేస్తే తలంతా కలిపి పధ్నాలుగు గడుల ఎత్తు. ముక్కు పక్కనున్న పుట్టుమచ్చ రెండు మూడు పిక్సెళ్లే కాబట్టి దానికంటూ ఒక గడి కూడా దక్కదు. చీరకు మాత్రం వందల గడులు ఉంటాయి. అందుకే చీర నిండుగా, నమ్మకంగా వస్తుంది, ముఖం అంచనా మీద వస్తుంది. భుజాల దాకా తీసిన దగ్గరి ఫోటోలో ముఖం బాగా నిలిచి, నిలువెత్తు ఫోటోలో జారిపోవడానికి కారణం ఇదే.

కుదించి విప్పడంలో ఒక్కసారికి పోయేది కొంచెమే. మొదటి ఫలితం మీద రెండో మాట, రెండో ఫలితం మీద మూడో మాట చెప్పుకుంటూ పోతే ఆ కొంచెం పోగవుతుంది. పైగా ఈ తప్పులు ఒకసారి అటు, ఒకసారి ఇటు పోయి సరిపడేవి కావు. పోయిన వివరాన్ని మోడల్ తన అలవాటుతో నింపుతుంది. ఆ అలవాటు ఎప్పుడూ ఒకే దిక్కు లాగుతుంది. చర్మం నున్నబడుతుంది, రంగు ఒక పిసరు తేలుతుంది, రెండు కళ్లూ సమానమవుతాయి, గదువ సన్నబడుతుంది. కరీంనగర్ ఎండలో కమిలిన మేనిఛాయకు ఇది మరింత అన్యాయం చేస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. మా మేనకోడలి పెండ్లి పిలుపును వాట్సాప్‌లో పంపడానికి ఒక ఫోటో కావాల్సి వచ్చింది. ఎలగందుల కోట గోడ ముందు, పసుపు రంగు నూలు చీరలో నిలబడ్డ నిలువెత్తు ఫోటో ఉంది. వెనక ఎగుడుదిగుడు రాతి వరుసలు, ఓ పక్క తెలుగు అక్షరాలున్న చిన్న బోర్డు. జడ ఎడమ భుజం మీదుగా ముందుకు వేసుకుంది. ముక్కు పక్కన చిన్న పుట్టుమచ్చ. ఇంట్లో పిల్లలు ఫోన్లోనే ఒక్కొక్క మాట చెప్పుకుంటూ పోయారు. మొదట చీరను ముదురు ఆకుపచ్చ పట్టు చేయమన్నారు. రెండోసారి ఎర్రంచు నాలుగు వేళ్ల వెడల్పు కావాలన్నారు. మూడోసారి జాకెట్టును ఎర్రగా చేసి, చేతులు మోచేతి దాకా పెంచమన్నారు. నాలుగోసారి కొంగు మీద జరీ మామిడి పిందెలు వేయమన్నారు.

మొదటి ఫలితం అందరికీ నచ్చింది. చీర దాదాపు అనుకున్నట్టే వచ్చింది. ముఖం కొంచెం నున్నగా అనిపించినా పౌడరు వేసుకుందేమో అన్నట్టుంది. రెండో ఫలితంలో అంచు బాగా కుదిరింది, పుట్టుమచ్చ వెలిసింది, కోట రాళ్ల మధ్య సందులు ఒకే కొలతకు వచ్చాయి. మూడోదాంట్లో చేతులు సరిగ్గా మోచేతి దగ్గర ఆగాయి, కానీ బోర్డు మీద తెలుగు అక్షరాలు ఏ భాషకూ చెందని గీతలయ్యాయి. గదువ సన్నబడింది. నాలుగో ఫలితాన్ని పిల్లలు గర్వంగా పెండ్లికూతురి తల్లికి చూపించారు. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, “చీరైతే మంచిగున్నది గని, గిది మన పిల్లనేనా?” అన్నది.

పిల్లలకు ఆ తేడా కనబడకపోవడానికి కారణం ఉంది. వాళ్లు ప్రతిసారీ నాలుగోదాన్ని మూడోదానితో, మూడోదాన్ని రెండోదానితో పోల్చుకున్నారు. పక్కపక్కనున్న మెట్ల మధ్య తేడా కంటికి ఆనదు. తల్లి పోల్చుకున్నది ఇంట్లో తిరుగుతున్న మనిషితో. స్టూడియోలో అసలు ఫోటో అడుగు పొరగా ఎప్పుడూ తెర మీదే ఉంటుంది, కన్ను గుర్తు ఆర్పితే అది బయటపడుతుంది. మాటలతో సాగే పనిలో అసలు ఫోటో వరుసలో పైకి పైకి జరిగిపోయి కనుమరుగవుతుంది. కాబట్టి ప్రతి విడతలోనూ కొత్త ఫలితాన్ని అసలు ఫోటో పక్కన పెట్టి చూడాలి.

పక్కపక్కన పెట్టడం కంటే ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఇక్కడ స్టూడియో సరంజామా మోడల్‌కు పరీక్షాధికారిగా పనికొస్తుంది. అసలు ఫోటో మీద ఫలితాన్ని పొరగా వేసి, పొర పద్ధతిని డిఫరెన్స్ అన్నదానికి మారిస్తే రెండింటిలో ఒకేలా ఉన్న చోటంతా నల్లబడుతుంది. తేడా ఉన్నచోటే వెలుగు కనిపిస్తుంది. చీర వెలగాలి, తక్కినదంతా చీకటిగా ఉండాలి. మా మేనకోడలి నాలుగో ఫోటోను ఇట్లా వేసి చూస్తే చీరతో పాటు కళ్ల చుట్టూ, పెదవి అంచున, కోట రాళ్ల సందులన్నిటా సన్నని గీతలు మెరిశాయి. అయితే ఒక జాగ్రత్త అవసరం. మోడల్ ఫోటో కొలతను మార్చి, కొన్ని పిక్సెళ్లు పక్కకు జరిపి ఇస్తుంటుంది. ముందుగా ఫలితాన్ని అసలు కొలతకు సాగదీసి, కోట గోడ పైఅంచుతోనూ బోర్డు మూలలతోనూ సరిపెట్టాలి. లేకపోతే జరుగుడు కూడా తేడాగానే కనిపించి అంతా వెలుగుతుంది.

ఇదంతా చూసి, ‘ముఖం మార్చవద్దు’ అని గట్టిగా చెబితే చాలనుకునేవాళ్లున్నారు. చెప్పడం మంచిదే, కొంత పనిచేస్తుంది కూడా. కానీ ఫోటోషాప్‌లో తాళం వేయడం ఒక చర్య, ఇక్కడ చెప్పడం ఒక విన్నపం. ఈ తరహా విద్యకు మొదటి అడుగుల్లో ఒకటైన ఇన్‌స్ట్రక్ట్ పిక్స్‌టుపిక్స్ 2022లో వచ్చినప్పుడు దానికి రెండు మరలు ఉండేవి. చెప్పిన మాటను ఎంత గట్టిగా పాటించాలో ఒకటి, ఇచ్చిన ఫోటోకు ఎంత దగ్గరగా ఉండాలో మరొకటి. మొదటిది పెంచితే చీర బాగా మారేది, ముఖం కదిలేది. రెండోది పెంచితే ముఖం నిలిచేది, చీర మొండికేసేది. ఇప్పటి చాటింగ్ తెర మీద ఆ మరలు కనబడవు. అయినా ఆ లాగులాట పోలేదు. అందుకే మనం వాడే క్రియాపదాలే మరల పని చేస్తాయి. ఫ్లక్స్ కాంటెక్స్ట్ అనే మోడల్‌ను 2025లో తెచ్చిన బ్లాక్ ఫారెస్ట్ ల్యాబ్స్ వాళ్ల సూచనల్లోనే ఈ మాట ఉంది. మనిషిని ఫలానాలా రూపాంతరం చేయి అంటే పూర్తి మార్పుగా అర్థం చేసుకుంటుంది, బట్టలు మార్చు అంటే బట్టల దగ్గర ఆగే అవకాశం ఎక్కువ. ‘ఈమెను పెండ్లికూతురిని చేయి’ అంటే ముఖాన్ని కూడా పెండ్లికూతురి ముఖంగా తీర్చిదిద్దుతుంది. ‘చీర అంచు రంగు మాత్రం ఎరుపు చేయి’ అంటే అంత చొరవ తీసుకోదు.

మాట కంటే ముఖ్యమైంది, ఆ మాటను ఏ ఫోటో మీద చెబుతున్నామన్నది. మేనకోడలి ఫోటోను రెండోసారి మొదలుపెట్టినప్పుడు, నాలుగు విడతల్లో తేలిన నిర్ణయాలన్నిటినీ ఒక్క చోట చేర్చి, కొత్త సంభాషణలో అసలు ఫోటో మీదే చెప్పాం. ‘పసుపు చీర ధరించిన అమ్మాయి చీరను ముదురు ఆకుపచ్చ పట్టుచీరగా మార్చు. నాలుగు వేళ్ల వెడల్పు ఎర్రంచు. ఎర్ర జాకెట్టు, చేతులు మోచేతి దాకా. కొంగు మీద జరీ మామిడి పిందెలు. ముఖం, జడ, ముంజేతులు, నిలబడ్డ తీరు, వెనక గోడ, బోర్డు అసలు ఫోటోలో ఉన్నట్టే ఉండాలి.’ ఐదో సవరణ తట్టితే ఫలితం మీద చెప్పకుండా, ఈ పాఠంలోనే ఆ ముక్క చేర్చి మళ్లీ అసలు ఫోటో నుంచి మొదలుపెట్టడమే పద్ధతి. అప్పుడు ముఖం ఎన్ని సవరణల తర్వాతైనా ఒక్కసారి గీసినంత మేరకే జారుతుంది. దీంతో పుట్టుమచ్చ లీలగానైనా నిలిచింది, గదువ తన ఆకారంలో ఉంది.

దీనికీ ఒక లోటుంది. ప్రతిసారీ మొదటి నుంచి గీస్తుంది కాబట్టి ఈసారి చీర నిలవదు. ఒక విడతలో ఆకు పచ్చ, మరో విడతలో సీసా పచ్చ. పిందెలు ఒకసారి లావు, ఒకసారి సన్నం. వరుసగా పోతే ముఖం జారుతుంది, మొదటికి వస్తే చీర జారుతుంది. దీనికి విరుగుడు, రెండు ఫోటోలు ఇవ్వడం. ఒకటి అసలు ఫోటో, రెండోది అన్నిటికంటే బాగా వచ్చిన చీర ఫలితం. రెండోదాన్ని ఇచ్చేముందు అందులోని ముఖాన్ని తప్పనిసరిగా కత్తిరించి తీసేయాలి, మెడ కింది నుంచి చీర మాత్రమే ఉంచాలి. ‘మొదటి ఫోటోలోని అమ్మాయికి రెండో ఫోటోలోని చీర’ అని చెప్పాలి. ముఖం తీసేయకపోతే రెండు ముఖాల మధ్య ఒక కొత్త ముఖం తయారవుతుంది. వరసకు ఆమె అక్కో చెల్లెలో అన్నట్టు ఉంటుంది కానీ ఆమె మాత్రం కాదు.

ఇంత చేసినా ముఖం నూటికి నూరుపాళ్లు అదే కాదు. అదే కావాలంటే మళ్లీ స్టూడియోకే పోవాలి. మోడల్ ఇచ్చిన ఫోటోను పై పొరగా వేసి, చీర మేరకు మాస్కు గీసి, ముఖం, గోడ, బోర్డు దగ్గర అడుగునున్న అసలు ఫోటోను కనబడనివ్వాలి. బోర్డు మీది తెలుగు అక్షరాలు అప్పుడే తిరిగి వచ్చాయి. కోట రాళ్లు తమ ఎగుడుదిగుళ్లతో తిరిగి వచ్చాయి. వెనక దృశ్యం విషయంలో ఇంతకు మించిన దారి నాకు కనబడలేదు. మనిషి కదలని ఫోటోలో వెనక గోడను మళ్లీ గీయించుకోవాల్సిన అవసరమే లేదు. చీర వెడల్పు పెరిగి పాత అంచు దాటి గోడ మీదికి వచ్చిన కాస్త మేర మాత్రం కొత్తదాన్ని ఉంచితే చాలు.

ముఖం దగ్గర పని అంత సులువు కాదు. తాత కోటు ఫోటోలో ఉన్న పాత చిక్కే ఇక్కడా ఎదురవుతుంది. పసుపు చీర కట్టుకున్నప్పుడు తీసిన ముఖం అది. ఎండ పసుపు బట్ట మీద పడి గదువ కిందికి, మెడ మీదికి పసుపు మెరుపును విసిరింది. ఇప్పుడు కింద ఆకుపచ్చ చీర, ఎర్ర జాకెట్టు ఉన్నాయి. అసలు ముఖాన్ని ఉన్నదున్నట్టు పెడితే గదువ కింద పసుపు కాంతి మిగిలిపోయి, మనిషి అక్కడ లేనట్టు, ఎక్కడి నుంచో తెచ్చి పెట్టినట్టు ఉంటుంది. మోడల్ గీసిన ముఖంలో ఈ లోపం లేదు. జాకెట్టు ఎరుపు మెడ మీద ఎంత మేర పాకాలో అది గ్రహించింది. చెవి కింది నీడను కొత్త బట్టకు తగినట్టు వేసింది. స్టూడియో పోలికను కాపాడుతుంది, మోడల్ వెలుగును కాపాడుతుంది. గోడ మీది తాతల ఫోటోల్లో ఇన్నేండ్లు లేనిది ఆ వెలుగే. ఆ ఒక్క గుణానికి మోడల్ విద్యను నేను ఎప్పటికీ తక్కువ చేయలేను.

రెండింటినీ కలపడానికి అనువైన గీత గదువ ఎముక. కళ్లు, ముక్కు, నోరు, నుదురు అసలు ఫోటో నుంచి ఉంటాయి. గదువ అంచు దిగాక మెడ మోడల్‌ది. మధ్యలో మాస్కు అంచును కొన్ని పిక్సెళ్ల మేర మెత్తగా కలపాలి. గదువ మీద మిగిలిన పసుపును పై పొర మీద పలచని ఎరుపు బ్రష్షుతో, పది శాతం లోపు బలంతో, అద్దీ అద్దనట్టు సరిచేయాలి. పోలిక ఉండేది కళ్లలో, ముక్కులో, పెదవుల మూలల్లో. వెలుగు తేడా ఎక్కువగా తెలిసేది మెడలో. ఆ సంగతి తెలిశాక గీత ఎక్కడ గీయాలో దానంతటదే తేలుతుంది. కష్టమంతా జడ దగ్గర వచ్చింది. జడ ముఖానికీ చెందుతుంది, చీరకూ చెందుతుంది. భుజం దాటి పట్టు మీద పడుకున్న జడ వెంట్రుకల సందుల్లోంచి పాత చీర పసుపు తొంగి చూస్తుంది. అక్కడ మోడల్ జడనే ఉంచి, చెవి వెనక జడ మొదలయ్యే చోట రెండింటినీ కలపాల్సి వచ్చింది.

కొలతల సంగతి కూడా మరవకూడదు. స్టూడియో కెమెరా ఫోటో ఆరువేల పిక్సెళ్లు పొడవుంటే, ఇట్లాంటి మోడళ్లు చాలావరకు సుమారు వెయ్యి పిక్సెళ్ల బొమ్మను ఇచ్చేవి. సాగదీసిన చీర పక్కన అసలు ముఖం పెడితే ముఖం పదునుగా, చీర మసకగా ఉంటుంది. ఫోన్ తెర మీద అది తెలియదు. పెండ్లి ఆల్బంలో వేసే పన్నెండు, ముప్పై ఆరు అంగుళాల షీటు మీద మొదటి చూపుకే తెలుస్తుంది. అంగుళానికి మూడు వందల చొప్పున పన్నెండు అంగుళాల ఎత్తుకే మూడువేల ఆరు వందల పిక్సెళ్లు కావాలి. అందుకే మా మేనకోడలి ఆకుపచ్చ చీర పిలుపు దాకే వెళ్లింది. ఆల్బంలో పసుపు నూలు చీరే ఉంది.

ఇంతవరకూ ముఖం వేరు, బట్ట వేరు అనుకునే మాట్లాడాం. ఆ నమ్మకమే నిలవని చోటు ఒకటి ఉత్తర తెలంగాణలోనే ఉంది. దీపావళి ముందు ఆదిలాబాద్ గోండు గూడేల్లో దండారి పండుగ సాగుతుంది. అందులో గుస్సాడి వేషం వేసినవాళ్లు నెమలి ఈకల పెద్ద కిరీటం పెట్టుకుంటారు, ఒంటికి బూడిద పూసుకుంటారు, కృత్రిమ గడ్డాలు కట్టుకుంటారు, భుజాన జంతు చర్మం వేసుకుంటారు. మార్లవాయికి చెందిన గుస్సాడి గురువు కనక రాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఈ వేషం చాలామందికి మొదటిసారి తెలిసింది. ఆ వేషంలో ఉన్న ఒక కళాకారుడి ఫోటోను కార్యక్రమం పోస్టరుకు సరిచేయాల్సి వచ్చింది. పక్కకు వాలిన నెమలి ఈకలను నిండుగా చేయమని మాత్రమే అడిగాం. మోడల్ ఈకలను నిండుగా చేసింది, దాంతో పాటు ముఖం మీది బూడిద చారలను మురికి అనుకుని తుడిచేసింది. మళ్లీ చెబితే చారలు తెచ్చింది, కానీ ఆ చారలు ఆయనవి కావు. మూడోసారికి కిరీటం మరేదో దేశపు ఈకల తలపాగలా మారింది.

మామూలు చీరను మోడల్ లెక్కలేనన్ని ఫోటోల్లో చూసి ఉంటుంది. గుస్సాడి కిరీటాన్ని చూసింది చాలా తక్కువ. చీర దగ్గర దాని అలవాటు మనకు సాయపడితే, ఇక్కడ అదే అలవాటు అడ్డుపడింది. ఈ కిరీటం విషయంలో మాటలు తక్కువ పనిచేశాయి, అదే మనిషివి వేరే కోణంలో తీసిన కిరీటం ఫోటోలు పక్కన ఇస్తేనే ఈకల వరుస కుదిరింది.

స్టూడియోకు కూడా ఇక్కడ తేలిగ్గా లేదు. మాస్కు గీయడానికి కూర్చున్న మిత్రుడు చాలాసేపు మౌస్ పట్టుకుని ఆగాడు. బూడిద పూసిన నుదురు ముఖమా, వేషమా? గడ్డం మనిషిదా, దండారిదా? కిరీటం అంచు నుంచి నుదుటి మీదికి జారిన ఈక నీడ ఏ పొరకు చెందుతుంది? చివరికి అతడు కిరీటం పైభాగాన్ని మాత్రం మాస్కులోకి తీసుకున్నాడు. నుదుటికి రెండు వేళ్ల పైనుంచి కిందికి ఏదీ ముట్టలేదు. వాలిన ఈకలు కొన్ని వాలినట్టే మిగిలాయి. కళాకారుడి ఇంటికి పంపిస్తే ఆయన కొడుకు చూసి, ఈకలు దండారిలో ఎగురుతుంటే అట్లనే వాలుతాయని చెప్పాడు. పోస్టరు అట్లాగే అచ్చయింది.